వేవిళ్లు అనుకున్నారు, ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది: నా అనుభవం

"మూడో నెల దాటితే అదే తగ్గుతుందిలే, నిమ్మకాయ వాసన చూడు" అనేవారు మా అత్తగారు. ఆవిడ చెప్పేది మామూలు వేవిళ్ల సంగతి. అందులో వాంతయినా కాసేపటికి ఏదో ఒకటి లోపలికి పోతుంది, బరువు పెద్దగా పడిపోదు. నాకు ఎనిమిదో వారానికి గుక్కెడు మంచినీళ్లు కూడా నిలవలేదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా కలిపి కాస్త మూత్రం, అదీ ముదురు పసుపు రంగులో. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి.

గర్భం రాకముందు 52 కిలోలున్నదాన్ని 48.5కి వచ్చాను. అంటే దాదాపు 7 శాతం తగ్గినట్టు. 5 శాతం దాటి తగ్గి, ఒంట్లో నీరు ఇంకిపోతే దాన్ని హైపరెమెసిస్ గ్రావిడారమ్‌గా చూస్తామని డాక్టరమ్మ చెప్పి చేర్చుకున్నారు. కవలలో, బిడ్డకు బదులు బుడగల గుత్తిలా పెరిగే ముత్యాల గర్భమో అయితే వాంతులు ఇలా ముదురుతాయని స్కాన్ తీశారు. ఒక్క బిడ్డే, గుండె కొట్టుకుంటోంది.

"నీరసంగా ఉంది, గ్లూకోజ్ ఎక్కించండి" అని మావాళ్లు నర్సు వెంటపడ్డారు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. రోజుల తరబడి తిండి లేకపోతే ఒంట్లో విటమిన్ బి1 నిల్వ అడుగంటుతుంది. గ్లూకోజ్ శక్తిగా మారాలంటే ఆ బి1 కావాలి. అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మతి తప్పడం దాని గుర్తులు. అందుకే ముందు బి1 ఇంజెక్షన్, దాంతోపాటు ఉప్పునీటి సెలైన్ పెట్టారు.

రక్తంలో పొటాషియం 2.9 ఉంది. 3.5కి తగ్గకూడదు. వాంతులతో పోయిన దాన్ని సెలైన్ సీసాలోనే కలిపి, చుక్కచుక్కగా ఎక్కించారు. ఒక్కసారిగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోవచ్చట. అలా మెల్లగా ఎక్కిస్తున్నా చెయ్యంతా మంటే!

వాంతులకు మొదట డాక్సిలమిన్, బి6 కలిసిన మాత్ర ఇచ్చారు. అదీ బయటికే వచ్చేసింది. దాంతో ఆండాన్‌సెట్రాన్ ఇంజెక్షన్‌కు మారారు. పొటాషియం తక్కువగా ఉన్నప్పుడు ఈ మందు గుండె లయను తప్పించగలదని ముందే ఈసీజీ తీశారు. తొలి మూడు నెలల్లో వాడితే బిడ్డకు పెదవి లేదా అంగిలి చీలిక ముప్పు అతి స్వల్పంగా పెరగవచ్చని కూడా దాచకుండా చెప్పారు. ఒంట్లో నీరు లేకుండా ఉండటమే పెద్ద ప్రమాదమనిపించి సరేనన్నాను. వాంతులు తగ్గాయి, మలబద్ధకం పట్టుకుంది.

మూత్రం లేత రంగుకు వచ్చి, ఇడ్లీ ముక్క నిలిచాక ఇంటికి పంపారు. డాక్సిలమిన్ మాత్ర వికారం మొదలయ్యాక కాదు, రోజూ వేళకు వేసుకోవాలన్నారు. గుక్క నీళ్లు కూడా నిలవకపోయినా, ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా మళ్లీ వచ్చి చేరాలని చీటీ మీద రాసిచ్చారు. మా అత్తగారు ఆ చీటీని ఫ్రిజ్ తలుపుకు అంటించారు.