టెట్ పేపర్ 1 పియాజే: చింతపిక్కల దగ్గర నేను చేసిన తప్పు

ఫ్రెండ్స్, పేపర్ 1లో శిశువికాసం 30 మార్కులు కదా. ఫస్ట్ అటెంప్ట్‌లో నేను, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో మనోవిజ్ఞాని పియాజే చెప్పిన దశల్ని టేబుల్ వేసుకుని బట్టీ కొట్టేశాను. ఇంద్రియ చాలక 0-2, పూర్వ ప్రచాలక 2-7, మూర్త ప్రచాలక 7-11, ఆ తర్వాత అమూర్త ప్రచాలక. డైరెక్ట్‌గా అడిగినవి వచ్చేశాయి, తరగతి గది సన్నివేశం ఇచ్చి టీచర్ ఏం చేయాలి అన్నవి మాత్రం పోయాయి. ఎందుకు పోయాయో డీఎడ్ ఇంటర్న్‌షిప్ రికార్డు మళ్ళీ తిరగేసినప్పుడు అర్థమైంది.

రెండో తరగతికి ఎక్కువ-తక్కువ పాఠం చెప్పా. ఆరు చింతపిక్కలు ఒక వరుస, దాని కింద ఇంకో ఆరు. ఏది ఎక్కువ అంటే ఒక పాప సమానమే టీచర్ అంది. కింది వరుసని దూరం దూరంగా జరిపి మళ్ళీ అదే ప్రశ్న అడిగా, ఆ పాప పిక్కల వైపు కాదు నా మొహం వైపు చూసి, కిందిది ఎక్కువ అంది. నేను హ్యాపీగా రికార్డులో "పదిలపరచుకునే భావన రాలేదు, పూర్వ ప్రచాలక దశ" అని రాసేశా, అంటే జరిపినంత మాత్రాన సంఖ్య మారదని పాపకి ఇంకా తెలియదని. రికార్డు చూసిన మా మేడమ్ ఒక్కటే అడిగారు: మొదట చెప్పింది కరెక్టే అయితే మళ్ళీ ఎందుకడిగావమ్మా?

నిజమే కదా, మన బళ్ళో టీచర్ ఒకే ప్రశ్న రెండోసారి అడిగారంటే మొదటిది తప్పని పిల్లలకి ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది! పియాజే మీద వచ్చిన పెద్ద విమర్శల్లో ఇదొకటి. 1974లో రోజ్, బ్లాంక్ అనే ఇద్దరు పరిశోధకులు ముందు ప్రశ్న తీసేసి జరిపిన తర్వాత ఒక్కసారే అడిగితే ఆరేళ్ళ పిల్లలు తక్కువ తప్పులు చేశారు. దాదాపు అదే టైమ్‌లో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఒక అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి వరుసని చెదరగొట్టినట్టు ఆడించారు, పెద్దవాళ్ళు కావాలని జరిపినప్పటి కంటే చాలా ఎక్కువమంది సమానమే అన్నారు. అంటే పిల్లలకి తెలియక కాదు, పెద్దవాళ్ళు ఏం అడుగుతున్నారో ఊహించుకుని జవాబిస్తున్నారు అన్నమాట.

అలాగని పియాజే మొత్తం తప్పని రాసేయకండి, నేను కొన్నాళ్ళు అలాగే అనుకున్నా. 1986లో మూర్, ఫ్రై టెడ్డీ చేత నిజంగానే సంఖ్య మార్పించి చూశారు, అప్పుడు కూడా చాలామంది పిల్లలు మారలేదనే అన్నారు. బొమ్మ చూసే సరదాలో వరుస వంకే చూడలేదేమో. అందుకే నేను పాఠం ప్లాన్ ఇలా మార్చుకున్నా: జరిపిన తర్వాత ఒక్కసారే అడగడం, మధ్యలో ఒకసారి నిజంగానే ఒక పిక్క కలపడం, జవాబు ఏదైనా సరే "ఎలా తెలిసింది?" అని అడగడం. మీరేం కలపలేదుగా టీచర్ అన్నా, మళ్ళీ దగ్గరికి జరిపితే అంతే ఉంటాయి అన్నా భావన వచ్చినట్టే. ఉత్తినే సమానం అంటే ఇంకా నమ్మకండి.

ఇంకో చోట కూడా టేబుల్ మోసం చేస్తుంది. ఏడేళ్ళు దాటాక అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి అనుకుంటాం. సంఖ్య, ద్రవాల విషయంలో ఆరేడేళ్ళకి వచ్చే భావన బరువుకి వచ్చేసరికి తొమ్మిది, పదేళ్ళు పడుతుంది, ఘనపరిమాణానికి ఇంకా లేటు. దీనికి డెకలాజ్ అని పేరు పెట్టింది పియాజేనే. మూడో తరగతి పిల్లాడు చింతపిక్కలు సరిగ్గా చెప్పి, మట్టిముద్దని చపాతీలా నొక్కితే బరువు తగ్గిందంటే వెనక్కి వెళ్ళిపోయినట్టు కాదు, అక్కడ త్రాసు చేతికివ్వాలి, ముద్దనీ చపాతీనీ వాడే తూచి చూసుకోవాలి.

ఎగ్జామ్‌లో "పియాజే ప్రకారం" అని ఉంటే మారు మాట్లాడకుండా దశ పెట్టేయండి, అక్కడ విమర్శ వద్దు. సన్నివేశం ఇస్తే మాత్రం ఆగి చదవండి. నేను ప్రాక్టీస్‌కి రాసుకున్న ప్రశ్న ఒకటి చెప్తా. వెడల్పు గ్లాసులో నీళ్ళని పొడవాటి గ్లాసులోకి పోస్తే రెండో తరగతి పిల్లాడు ఎక్కువయ్యాయి అన్నాడు, టీచర్ ఏం చేయాలి? ఆప్షన్లు ఇవి: వయసు వచ్చేదాకా ఆగాలి, నియమం చెప్పి రాయించాలి, తిరిగి పాత గ్లాసులోకి వాడిచేతే పోయించి కారణం అడగాలి, పాఠం మార్చేయాలి. దశలు బట్టీ కొట్టినవాళ్ళు మొదటిది టిక్ చేస్తారు, నేనూ అంతే చేసేదాన్ని. జవాబు మూడోది. చేతులు కట్టుకుని కూర్చోమని పియాజే కూడా అనలేదు, పిల్లాడు వస్తువులతో పని చేస్తేనే ఆలోచన మారుతుందన్నాడు, కాబట్టి ఆ ఆప్షన్ ఇటు పియాజేకీ అటు విమర్శకులకీ ఇద్దరికీ సరిపోతుంది.