పదిహేను సెకన్లలో అయిపోయిన చెకింగ్

రెండు రోజుల ఈవెంట్ షూట్ నిన్న రాత్రి ముగిసింది. మూడు కార్డులు. మొదటి రెండూ కాపీ అయ్యాయి, చెక్ అయ్యాయి, ఫార్మాట్ అయ్యాయి, వాటి గురించి చెప్పడానికేం లేదు. ఈ గోలంతా మూడో కార్డుది. ఉన్నది 312 ఫొటోలు, 9 జీబీ. దాంతో తెల్లారిపోయింది.

నా పద్ధతి ముందు చెబుతాను. కార్డు పక్కనున్న లాక్ బుడిపె కిందికి జరిపి రీడర్‌లో పెడతాను. కాపీ చేయకముందే కార్డు మీదున్న ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ తీసి జాబితా రాసుకుంటాను. చెక్‌సమ్ అంటే ఫైలు మొత్తాన్ని చదివి లెక్కగట్టిన ఒక పొడవాటి అంకె. లోపల ఒక్క బైటు మారినా ఆ అంకె పూర్తిగా వేరే వస్తుంది.

```
cd /media/card3
find . -type f -exec sha256sum {} + > ~/card3.sha256
```

DCIM ఫోల్డర్‌కి మాత్రమే జాబితా తీయకండి. కొన్ని కెమెరాలు వీడియోలను PRIVATE అనే ఫోల్డర్‌లో దాస్తాయి. జాబితాలో లేని ఫైలు పోయిందని ఏ చెక్‌సమూ చెప్పలేదు. తర్వాత కార్డు నుంచి రెండు డిస్కులకూ విడివిడిగా కాపీ చేయాలి. మొదటి డిస్కు నుంచి రెండో డిస్కుకి కాపీ కొట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. మొదటిదాంట్లో తప్పు పడితే ఆ తప్పునే భద్రంగా రెండో చోట కూడా దాచుకున్నట్టు. చివరికి డిస్కు మీది ఫోల్డర్‌లోకి వెళ్లి జాబితాతో పోల్చి చూడాలి:

```
cd /media/diskB/card3
sha256sum -c --quiet ~/card3.sha256
```

ఏమీ రాకుండా ఊరుకుందంటే అన్నీ సరిపోయినట్టు. నిన్న రాత్రి కూడా అలాగే ఊరుకుంది.

నాతో పనిచేసే అన్న చాలా సీనియర్. ఆయన చెకింగ్ అంటే ఫైళ్ల సంఖ్య చూసుకోవడం, నాలుగు ఫొటోలు తెరిచి చూడడం, అంతే. నిన్న ఆయనకి నేను పావుగంట క్లాసు పీకాను. "అన్నా, రా ఫైలు లోపల ఒక చిన్న జేపెగ్ ప్రివ్యూ ఉంటుంది. నువ్వు తెరిచినప్పుడు కనిపించేది అదే. అసలు డేటా చెడిపోయినా ప్రివ్యూ శుభ్రంగానే కనిపిస్తుంది, ఎడిటింగ్‌లోకి తెచ్చాకే బండారం బయటపడుతుంది" అన్నాను. ఇప్పటికీ అంటాను, ఆ మాటలో తప్పు లేదు. కానీ అన్నప్పుడు నా మొహంలో ఉన్న గర్వం గుర్తొస్తేనే సిగ్గేస్తోంది.

రెండో డిస్కు తీసుకుని ఆయన వెళ్లిపోయాడు. జాబితా కూడా పంపించి, "నీ సిస్టమ్‌లో నువ్వే ఒకసారి నడిపి చూడు, ఎంత తేలికో తెలుస్తుంది" అన్నాను. నేను మూడో కార్డు కెమెరాలో పెట్టి, లాక్ తీసి, మెనూలో ఫార్మాట్ దాకా వెళ్లాను. స్క్రీన్ మీద "మొత్తం డేటా పోతుంది, సరేనా" అని అడుగుతోంది. అంతలో ఫోను.

"ఫార్మాట్ కొట్టావా?"

"కొట్టబోతున్నా అన్నా."

"ఆగు. మూడు ఫైళ్లు FAILED అంటోంది. నీ జాబితా తప్పా, నా సిస్టమ్ తప్పా?"

రెండూ కాదు. గంట క్రితం నా దగ్గర నోరెత్తని డిస్కు ఆయన దగ్గర మూడు ఫైళ్లు చెడ్డవంటోంది. మొదట నేను ఆయన్నే అనుమానించాను, దాచుకోవడం ఎందుకు. డిస్కు వెనక్కి తెప్పించి నా లాప్‌టాప్‌కి పెట్టాను. అవే మూడు. డిస్కు పీకి మళ్లీ పెట్టాను. మళ్లీ అవే. ప్రతిసారీ వేరే ఫైళ్లు వస్తే చదవడంలో తేడా అనుకోవచ్చు. ఎన్నిసార్లు చూసినా అవే వస్తున్నాయంటే డిస్కు మీద పడినదే తప్పు. మొదటి డిస్కులోని ఫైలుతో ఒకదాన్ని బైటు బైటుగా పోల్చాను:

```
cmp -l diskA/card3/DCIM/101EVENT/IMG_4417.RAW diskB/card3/DCIM/101EVENT/IMG_4417.RAW | wc -l
```

510 అని వచ్చింది. 28 ఎంబీ ఫైల్లో 510 బైట్లు, అన్నీ ఒకేచోట, 512 బైట్ల ముక్కలో. సైజు అదే, పేరు అదే, తేదీ అదే. తెరిస్తే ప్రివ్యూ నిక్షేపంలా ఉంది!

మరి నాకు ముందెందుకు దొరకలేదు? రెండు గంటలు తల బద్దలు కొట్టుకున్నాక టెర్మినల్‌లో పైకి జరుపుకుంటూ వెళ్లాను. నా ప్రాంప్ట్‌లో ప్రతి కమాండ్‌కీ పట్టిన సమయం పడుతుంది. చెకింగ్‌కి పట్టింది 15 సెకన్లు. అది పాతకాలపు తిరిగే డిస్కు, సెకనుకి 110 ఎంబీ చదివితే గొప్ప. 9 జీబీకి దగ్గరదగ్గర నిమిషంన్నర పట్టాలి. 15 సెకన్లలో అయిందంటే అది డిస్కుని చదవనే లేదు.

జరిగిందేంటంటే, కాపీ చేసినప్పుడు ఆ ఫైళ్లన్నీ లాప్‌టాప్ ర్యామ్‌లో క్యాష్‌గా మిగిలిపోయాయి. ర్యామ్ 16 జీబీ, ఫైళ్లు 9 జీబీ, హాయిగా పట్టేశాయి. వెంటనే చెక్ చేయమంటే సిస్టమ్ ర్యామ్‌లో ఉన్న మంచి కాపీనే చదివి సరిపోయిందంది. డిస్కు మీద పడిన చెడ్డ కాపీ వైపు చూడలేదు. నేను చూడమన్నాననే అనుకున్నాను.

ఫైళ్లని పాడుచేసింది డిస్కు డబ్బా, అంటే డిస్కుని లోపల పెట్టి యూఎస్‌బీతో లాప్‌టాప్‌కి కలిపే డబ్బా. మూడో కార్డుకి డిస్కు చాలక, తెలిసినవాడొకడు "బ్రహ్మాండంగా పనిచేస్తుంది, తీసుకో" అని ఇచ్చిన డబ్బాలో పాత డిస్కు వేసి వాడాను. అరువు సామాను మీద నా నమ్మకం నిన్నటితో సరి. మొత్తం మళ్లీ కాపీ చేసి, పీకి పెట్టి చూస్తే ఈసారి రెండు FAILED, అవీ వేరే ఫైళ్లు. కేబుల్ మార్చినా అంతే. డిస్కు తీసి నా సొంత డబ్బాలో వేశాక రెండుసార్లు కాపీ చేశాను, రెండుసార్లూ ఒక్క FAILED కూడా రాలేదు. యూఎస్‌బీలో తప్పులు పట్టే ఏర్పాటు ఉంది కదా అని అన్న అడిగాడు. ఉంది, కానీ అది కేబుల్ మీద ప్రయాణం వరకే. డబ్బాలోని చిప్ లోపల డేటా చెడితే దానికి తెలియదు.

కాబట్టి కాపీకీ చెకింగ్‌కీ మధ్య డిస్కుని పద్ధతిగా ఎజెక్ట్ చేసి, వైరు పీకి, మళ్లీ పెట్టండి. అప్పుడు క్యాష్ పోతుంది, డిస్కుని నిజంగా చదవక తప్పదు. ఎంతసేపు పట్టిందో కూడా చూడండి. కార్డు నుంచి తీసిన జాబితా మీద అనుమానముంటే కార్డుని కూడా పీకి పెట్టి రెండోసారి తీయండి. రెండు జాబితాలూ కలవకపోతే తేడా రీడర్‌లోనో కార్డులోనో ఉంది, అది తేలేదాకా ఫార్మాట్ మాటెత్తకండి.

నిజం చెప్పాలంటే నేను ఫార్మాట్ కొట్టేసినా ఫొటోలు పోయేవి కాదు, మొదటి డిస్కులో మంచి కాపీ ఉంది. దాన్నీ పీకి పెట్టి చూశాను, 312కి 312 సరిపోయాయి. కానీ రెండు కాపీలున్నాయని నమ్మి, ఒకటే చేతిలో పెట్టుకుని నిద్రపోయేవాణ్ని.

పొద్దున ఆరింటికి మూడో కార్డు ఫార్మాట్ చేశాను. ఈసారి బటన్ నొక్కింది అన్న. "ఎంత పట్టింది చెకింగ్‌కి?" అని అడిగి, నిమిషం ఇరవై అన్నాకే నొక్కాడు.