J మీద చూపుడు వేలు

ఇవాళ కంప్యూటర్‌లో తుపాకుల ఆట ఆడింది తక్కువ, సెట్టింగ్స్‌లో కూర్చుంది ఎక్కువ. తమ్ముడు పక్క కంప్యూటర్ ముందు కూర్చుని "అక్కా, అయిందా?" అని పదిసార్లు అడిగి ఉంటాడు.

నాది ఎడమచేతి వాటం. మౌస్ ఎడమ చేతిలో ఉంటే తప్ప గురి కుదరదు. కానీ కుడి చేతిని మాత్రం ఇన్నాళ్లూ అందరిలాగే నడిచే కీలైన W, A, S, D మీదే పెట్టి నెట్టుకొచ్చాను. ఆ నాలుగు కీలూ ఎడమ చేతికి సరిపోయేలా ఎంచినవి. ఎడమ చెయ్యి పెడితే చిటికెన వేలు Shift మీదికి, బొటనవేలు Space మీదికి వాటంతటవే వెళ్తాయి. అక్కడ కుడి చెయ్యి పెట్టి చూడండి, బొటనవేలు Shift వైపు తిరిగి ఉంటుంది. Space నొక్కి దూకాలంటే మణికట్టు మెలి తిప్పాలి. పైగా కుడి చెయ్యి ఒంటికి అడ్డంగా వచ్చి మౌస్ చేతికి తగులుతూ ఉంటుంది. నిన్న రాత్రి మణికట్టు బాగా లాగింది, అందుకే ఇవాళ్టి ఈ పని.

బాణం గుర్తుల కీలు ఇదివరకే వాడి చూశాను. నడవడానికి బాగానే ఉంటాయి గానీ బొటనవేలి కింద ఏమీ ఉండదు, చుట్టూ అందే కీలూ తక్కువే. అందుకని ఈసారి I, J, K, L. ముందుకి I, వెనక్కి K, ఎడమకి J, కుడికి L. బొటనవేలు సరిగ్గా Space మీద పడింది. J మీద చిన్న గీతలాంటి బొడిపె ఉంటుంది కాబట్టి చెయ్యి తీసి మళ్లీ పెట్టినా కిందికి చూడక్కర్లేదు. ఇంకో సంగతి కూడా గమనించాను. కీబోర్డులో పై వరుస కొంచెం ఎడమకి జరిగి ఉంటుంది కదా, కుడి చేతి వేలు చాపితే సహజంగా వెళ్లేది కూడా పైకి, ఎడమకే. ఈ ఒక్క విషయంలో కుడిచేతివాటం వాళ్లకంటే నాకే సుఖం!

ఆ తర్వాత పాత్ర ప్రత్యేక సామర్థ్యాల కీలు. మా ఆటలో మొదటినుంచీ ఉన్నవి Q, E, C, X. నడిచే కీలు పక్కకి జరిగాయి కాబట్టి వీటినీ అలాగే జరిపేశాను: Q స్థానంలో U, E స్థానంలో O. U మీద అంతకుముందు చాట్ ఉంది. దాన్ని తీసేయడం మర్చిపోయి, మొదటి రౌండంతా టీమ్‌కి అర్థంలేని అక్షరాలు పంపాను.

అసలు గొడవ డాష్‌తో వచ్చింది. నేనాడే పాత్రకి ఒక్క దూకుడులో పక్కకి తప్పుకునే సామర్థ్యం ఉంది. ఆ క్షణంలో ఏ దిక్కు కీ నొక్కి ఉంటే అటు దూసుకెళ్తుంది, ఏదీ నొక్కకపోతే ముందుకి పోతుంది. దాన్ని U మీద పెట్టాను. గోడ చాటు నుంచి తొంగి చూసి ఎడమకి తప్పుకుందామనుకుంటే నేరుగా ఎదుటివాడి తుపాకీ ముందుకి పోయాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

"అక్కా, ఎదురెళ్లి మరీ చస్తున్నావేంటి?"

కీబోర్డుదే తప్పనుకున్నాను. మామూలు కీబోర్డుల్లో కొన్ని మూడు కీలు కలిపి నొక్కితే మూడోది అందదు. లోపల కీలన్నీ అడ్డువరుసలు, నిలువువరుసల తీగల మీద ఉంటాయి. కొన్ని కలయికల్లో ఏది నొక్కారో దానికి తేల్చుకోవడం కుదరక మూడోదాన్ని వదిలేస్తుంది. కనుక్కోవడం తేలికే. నోట్‌ప్యాడ్ తెరిచి, అనుమానం ఉన్న రెండు కీలు పట్టుకుని మూడోది నొక్కాలి, అక్షరం పడకపోతే అదే జబ్బు. నేను I, J పట్టుకుని U నొక్కాను. పడింది. మళ్లీ నొక్కాను, మళ్లీ పడింది. కీబోర్డు నిక్షేపంలా ఉంది.

అప్పుడు చూసుకున్నాను, U నొక్కింది నా ఎడమ చెయ్యి. కుడి చేత్తోనే నొక్కబోతే కుదరలేదు. J మీద ఉండేదీ చూపుడు వేలే, U మీదికి వెళ్లాల్సిందీ చూపుడు వేలే. అంటే నేను డాష్ నొక్కే ప్రతిసారీ J వదిలేస్తున్నాను. ఏ దిక్కూ నొక్కి లేదు కాబట్టి ఆట నన్ను ముందుకి తోసేస్తోంది. నా అమరికలో ఎడమ డాష్ అనేదే లేదు, ఎంత సాధన చేసినా రాదు. O మీద పెట్టినా ఇంతే, అప్పుడు ఉంగరం వేలు L వదలాలి కాబట్టి కుడి డాష్ పోతుంది. మామూలు అమరికలో Q, E కీలకీ ఇదే ఇబ్బంది ఉంటుందని తమ్ముడు తన చెయ్యి పెట్టి చూసుకుని తేల్చాడు. వాడు డాష్ మౌస్ పక్క బటన్ మీద పెట్టుకున్నాడు కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదు. నాకు ఆ దారి లేదు, నా మౌస్ పక్క బటన్లు కుడి చేతి బొటనవేలి కోసం పెట్టినవి. ఎడమ చేతిలో అవి ఉంగరం వేలి కిందికి వస్తాయి, ఆ వేలు మౌస్‌ని పట్టుకునే పనిలో ఉంటుంది.

కాబట్టి దిక్కులతో సంబంధం లేని వేలు కావాలి. మిగిలింది చిటికెన వేలు. డాష్ తెచ్చి L పక్కనున్న `;` మీద పెట్టాను. ఖాళీ అయిన U మీద పొగ కమ్మించే స్మోక్ పెట్టాను. అది వేసేటప్పుడు నిలబడిపోయినా నష్టం లేదు. కూర్చోవడం `'` మీద, చప్పుడు లేకుండా నడవడం కుడి Shift మీద. కుడి Ctrl కూర్చోవడానికి పెడదామనుకున్నాను గానీ, మూలన ఎక్కడో ఉంది, అందదు.

ఇక అయిపోయిందనుకుని తమ్ముడితో మ్యాచ్‌లో దిగాను. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. కుడి Shift పట్టుకుని గోడ వెంబడి పిల్లిలా వెళ్తున్నాను. తమ్ముడు ఊపిరి బిగబట్టి నా తెర చూస్తున్నాడు. ఇంకో రెండడుగుల్లో మూల వస్తుందనగా ఒక బీప్, ఆట తెర వెనక్కి పోయి Filter Keys అని ఒక పెట్టె. దాన్ని మూసి వచ్చేసరికి నేను లేను.

విండోస్‌లో కుడి Shift ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఆ పెట్టె వస్తుంది. చేతులు వణికేవాళ్లకి పొరపాటున తగిలిన కీలు పట్టించుకోకుండా ఉండేందుకు పెట్టిన సదుపాయం అది, దాన్ని తప్పు పట్టలేను. కాకపోతే ఎడమ Shift కి ఇది ఉండదు, అందుకే తమ్ముడెప్పుడూ చూడలేదు. ఐదుసార్లు నొక్కితే వచ్చే Sticky Keys మాత్రం వాడికీ తెలుసు. Settings > Accessibility > Keyboard లోకి వెళ్లి రెండింటి షార్ట్‌కట్లూ ఆపేశాను. పెట్టెలో కంగారుగా "Yes" నొక్కి ఉంటే ఇంకా నవ్వులపాలయ్యేదాన్ని, చిన్నగా తట్టిన కీలేవీ పనిచేసేవి కావు.

రాత్రికి ఇంకో నాలుగు మ్యాచ్‌లు ఆడాం. ఎడమకి డాష్ మొదటిసారి పడినప్పుడు తమ్ముడి కంటే నేనే గట్టిగా అరిచాను. మణికట్టు లాగడం లేదు గానీ చిటికెన వేలు నొప్పిగా ఉంది, మూడు పనులు దాని నెత్తినే పెట్టాను మరి. రేపు కూర్చోవడాన్ని నొక్కి పట్టుకునే అవసరం లేకుండా ఒక్క నొక్కుకి మార్చి చూడాలి. రీలోడ్ ఇంకా R మీదే ఉంది, మధ్యమధ్యలో మౌస్ వదిలి ఎడమ చెయ్యి చాపుతున్నాను. Y మీద పెడితే మళ్లీ J వదలాలి, కానీ రీలోడ్ అప్పుడు ఎలాగూ గోడ చాటునే ఉంటాను.