హిటోరిలో ఐమూల గొలుసు: ఒక 5×5 పజిల్‌ను మొదటినుంచి చివరిదాకా చేసిన తీరు

హిటోరికి నియమాలు మూడే. ఏ అడ్డువరుసలోనూ, ఏ నిలువువరుసలోనూ ఒకే అంకె రెండుసార్లు మిగలకుండా కొన్ని గళ్ళను నల్లగా నింపాలి. రెండు నల్ల గళ్ళు పక్కపక్కన గానీ, కిందా పైనా గానీ ఆనుకుని ఉండకూడదు. ఐమూలగా, అంటే మూల మూల తాకుతూ ఉంటే పర్వాలేదు. చివరికి మిగిలిన తెల్ల గళ్ళన్నీ ఒకే ముక్కగా ఉండాలి. ఏ తెల్ల గడి నుంచి బయల్దేరినా, తెల్ల గళ్ళ మీదుగానే పైకీ కిందికీ పక్కలకీ జరుగుతూ మిగతా తెల్ల గళ్ళన్నిటికీ చేరుకోగలగాలి. 1990లో జపాన్ పత్రిక నికోలిలో మొదట వచ్చినప్పటి నుంచీ ఈ మూడు నియమాలే.

మొదటి రెండూ కంటికి వెంటనే తెలుస్తాయి. ఒక వరుస చూస్తే మొదటిది తేలుతుంది, ఒక గడి చుట్టూ చూస్తే రెండోది తేలుతుంది. మూడోదానికి మాత్రం బోర్డంతా చూడాలి. అందుకే చాలామంది దాన్ని చివర్లో సరిచూసుకోవడానికే వాడతారు. నేను దాన్ని మొదటి గడి దగ్గరే వాడతాను, మధ్యలోనూ వాడతాను. అది ఎలాగో ఈ బోర్డు మీద చూపిస్తాను.

```
4 5 1 5 5
1 3 1 2 5
2 5 2 2 3
5 4 5 3 1
3 2 5 4 2
```

గడిని చెప్పేటప్పుడు ముందు అడ్డువరుస, తర్వాత నిలువువరుస చెబుతాను. 2-3 అంటే రెండో అడ్డువరుసలో మూడో గడి. నలుపు ఖాయమైన గడిని నింపేస్తాను, తెలుపు ఖాయమైన అంకె చుట్టూ సున్నా చుడతాను. సున్నా చుట్టడం మానేస్తే ఈ పజిల్ ముందుకు కదలదు. ఒక గడి నలుపైతే దాన్ని ఆనుకున్న గళ్ళన్నీ తెలుపవుతాయి. ఒక గడి తెలుపైతే దాని వరుసల్లో ఉన్న అదే అంకెలన్నీ నలుపవుతాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి నడిపిస్తాయి. నలుపులే గుర్తుపెట్టుకునేవారికి ఇందులో సగమే చేతిలో ఉంటుంది.

ముందు మూలలు చూస్తాను. కుడి పై మూలలో 1-4, 1-5, 2-5 మూడూ 5లే. 1-5 తెలుపనుకుందాం. అప్పుడు దాని అడ్డువరుసలోని 1-4, నిలువువరుసలోని 2-5 రెండూ నలుపు కావాలి. అవి రెండూ నలుపైతే మూలలోని 5కు బయటికి దారి ఉండదు, మూడో నియమం తప్పుతుంది. కాబట్టి 1-5 నలుపు, 1-4, 2-5 తెలుపు.

ఇక్కడినుంచి వరసగా వెళ్ళిపోతుంది. 1-4లోని 5 తెలుపు కాబట్టి అదే అడ్డువరుసలోని 1-2లో ఉన్న 5 నలుపు. 1-2 నలుపు కాబట్టి 1-1, 1-3, 2-2 తెలుపు. 1-3లో ఉన్నది 1, దాని కింద 2-3లోనూ 1 ఉంది, అది నలుపు. 2-3 నలుపు కాబట్టి 2-4, 3-3 తెలుపు. 3-3లోని 2 తెలుపైంది కాబట్టి మూడో అడ్డువరుసలో మిగిలిన రెండు 2లూ, అంటే 3-1, 3-4, నలుపు. 3-1 నలుపు కావడంతో 2-1, 3-2, 4-1 తెలుపు. 4-1లోని 5 తెలుపు, అదే వరుసలో 4-3లోనూ 5 ఉంది, అది నలుపు. దాంతో 4-2, 4-4, 5-3 తెలుపు. 3-4 నలుపు కాబట్టి 3-5 కూడా తెలుపు.

మూల దొరక్కపోయినా ఈ బోర్డులో ఇంకో ప్రవేశం ఉంది. మూడో అడ్డువరుసలో 3-3, 3-4 పక్కపక్కనే ఉన్న రెండు 2లు. రెండూ తెలుపు కాలేవు, ఆనుకుని ఉన్నాయి కాబట్టి రెండూ నలుపూ కాలేవు. అంటే ఏది ఏదైనా అందులో ఒకటి తెలుపు. కాబట్టి ఆ వరుసలో దూరంగా ఉన్న 2, అంటే 3-1, తప్పకుండా నలుపు. ఆనుకుని ఉన్న జంట కనబడితే ఆ వరుసలో అదే అంకె మరెక్కడైనా ఉందేమో వెంటనే వెతకాలి. జంటలో ఏది నలుపో తెలియకుండానే మూడోది తేలిపోతుంది.

ఇప్పుడు మిగిలినవి ఐదు గళ్ళు: 4-5, 5-1, 5-2, 5-4, 5-5. ఐదో అడ్డువరుసలో 5-2, 5-5 రెండూ 2లే, ఒకటి నలుపు కావాలి. ఏది? 5-2 చుట్టూ ఉన్న మూడు గళ్ళలో నలుపు లేదు, 5-5 చుట్టూ కూడా లేదు. రెండో నియమం ఏదీ చెప్పదు. నిలువువరుసలు చూసినా తేలదు: రెండో నిలువువరుసలో ఇంకో 2 లేదు, ఐదో దాంట్లోనూ లేదు. చాలామంది ఇక్కడ ఏదో ఒకటి నింపేసి అయిపోయిందనుకుంటారు. 5-2 నింపినా చూపుకు అంతా సవ్యంగానే ఉంటుంది. ఏ అంకే మళ్ళీ రాదు, ఏ రెండు నలుపులూ ఆనుకోవు, ఏ తెల్ల గడీ ఒంటరిగా చిక్కుకోదు. అయినా అది తప్పే.

ఎందుకో తెలియాలంటే నల్ల గళ్ళను ఐమూలగా కలుపుతూ చూడాలి. 1-2 నుంచి 2-3కి, అక్కడినుంచి 3-4కి, వెనక్కి తిరిగి 4-3కి, అక్కడినుంచి 5-2కి. ఐదు నల్ల గళ్ళ గొలుసు ఇది. పై అంచున మొదలై కింది అంచున ముగుస్తుంది. తెల్ల గళ్ళ మీద నడిచేటప్పుడు ఐమూలగా దాటడం కుదరదు కాబట్టి ఈ గొలుసు గోడలా అడ్డుపడుతుంది. ఎడమవైపు 8 తెల్ల గళ్ళు, కుడివైపు 10 మిగిలిపోతాయి, వాటి మధ్య దారి లేదు. కాబట్టి 5-2 తెలుపు, 5-5 నలుపు.

గమనిస్తే, మొదట మూల దగ్గర వాడిన తర్కం కూడా ఇదే. 1-4, 2-5 రెండూ నలుపైతే పై అంచునుంచి కుడి అంచుకు రెండు గళ్ళ గొలుసు ఏర్పడుతుంది, అది మూలను కోసేస్తుంది. గొలుసు రెండు గళ్ళదైనా ఐదు గళ్ళదైనా సూత్రం ఒకటే: ఐమూలగా కలిసిన ఒక నల్ల గొలుసు బోర్డు అంచును ఒక్క చోటే తాకవచ్చు. రెండో చోట తాకితే బోర్డు రెండు ముక్కలవుతుంది. మూల గడి రెండు అంచులకూ చెందినా అది ఒక్క తాకుడు కిందే లెక్క. అలాగే గొలుసు తిరిగివచ్చి తనను తాను కలుసుకుంటే లోపల కొన్ని తెల్ల గళ్ళు బందీ అవుతాయి. ఇలాంటి చుట్టుల్లో అతి చిన్నది నాలుగు గళ్ళది, ఒక తెల్ల గడికి నాలుగు పక్కలా నాలుగు నలుపులు.

ఈ సూత్రం చేతిలో ఉంటే చివరిదాకా ఆగనక్కర్లేదు. 4-3 నింపిన క్షణంలోనే దాని గొలుసు 1-2 దగ్గర పై అంచును తాకి ఉందని తెలుసు. కాబట్టి ఆ గొలుసుకు ఐమూలగా ఉండి అంచు మీద ఉన్న ప్రతి గడీ తెలుపే: 4-3 కింద 5-2, 5-4, అలాగే 3-4 పక్కన 2-5, 4-5. అన్నిటికీ అక్కడికక్కడే సున్నా చుట్టేయవచ్చు.

మిగిలింది 5-1లోని 3. దాని అడ్డువరుసలో గానీ నిలువువరుసలో గానీ మరో 3 లేదు. అలాంటి గడిని నింపాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. అది నలుపైన జవాబు ఏదైనా ఉందనుకుంటే, దాన్ని తెలుపుగా మార్చినా ఏ అంకే రెండుసార్లు రాదు, దాన్ని ఆనుకున్నవన్నీ తెలుపే కాబట్టి అది వాటితో కలిసిపోతుంది. అంటే పజిల్‌కు రెండు జవాబులు ఉన్నట్టు. సరిగా కూర్చిన హిటోరికి జవాబు ఒక్కటే కాబట్టి ఆ గడి తెలుపు. అయితే ఈ మాట చెప్పేముందు రెండు వరుసలూ చూడాలి. 5-3లోని 5 అడ్డువరుసలో ఒంటరే, నిలువుగా చూస్తే పైనే 4-3లో మరో 5 ఉంది. 2-4లోని 2 కూడా అంతే, కిందే 3-4లో జోడీ ఉంది. ఒక వైపే చూసి సున్నా చుట్టేయడం వల్ల వచ్చే తప్పులు చాలా ఎక్కువ. ఈ బోర్డులో ఆ రెండు గళ్ళూ తెలుపే కావడం వేరే కారణాలవల్ల.

పూర్తయిన బోర్డు ఇది, నలుపులు 7, తెలుపులు 18:

```
4 ■ 1 5 ■
1 3 ■ 2 5
■ 5 2 ■ 3
5 4 ■ 3 1
3 2 5 4 ■
```

అనుమానం ఉంటే 1-1లో పెన్సిల్ పెట్టి తెల్ల గళ్ళ వెంట నడవాలి: 2-1కి వచ్చి, 2-2, 3-2, 4-2, 4-1 మీదుగా ఐదో వరుసలోకి దిగి, 5-4 నుంచి 4-4, 4-5 ఎక్కి, 3-5, 2-5, 2-4, 1-4 మీదుగా 1-3కి. దారిలోవీ పక్కనున్నవీ కలిపి 18 లెక్క రావాలి.

తప్పు జరిగితే అది మూడు రకాలుగా బయటపడుతుంది. ఒకే వరుసలో ఒకే అంకెకు రెండు సున్నాలు పడతాయి, లేదా ఆనుకున్న రెండు గళ్ళు నలుపు కావాల్సి వస్తుంది, లేదా తెల్ల గళ్ళు రెండు ముక్కలవుతాయి. అప్పుడు ఆఖరి అడుగును మాత్రమే చెరిపితే లాభం లేదు, తప్పు సాధారణంగా చాలా ముందే పడి ఉంటుంది. అందుకే పెద్ద బోర్డుల్లో ఊహించి నింపిన గడిలో నింపకుండా చుక్క మాత్రమే పెడతాను, దాన్నుంచి వచ్చిన వాటికీ చుక్కలే పెడతాను. అడ్డం తగిలితే చుక్కలన్నీ చెరిపేసి, మొదట ఊహించిన గడికి సున్నా చుడతాను.

8×8, 10×10 బోర్డుల్లో ఒకే పొడవాటి గొలుసు కన్నా రెండు గొలుసులు కలిసే చోటు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఉదాహరణకు 1-5, 2-4 నలుపు: ఇది పై అంచును తాకిన గొలుసు. 5-1, 4-2 నలుపు: ఇది ఎడమ అంచును తాకిన గొలుసు. 3-3 ఈ రెంటికీ ఐమూలగా ఉంది. దాన్ని నింపితే రెండు గొలుసులూ ఒకటై పై ఎడమ మూలంతా తెగిపోతుంది. 3-3లో ఏ అంకె ఉన్నా సరే, చూడకుండానే దానికి సున్నా చుట్టవచ్చు, ఆపైన మూడో అడ్డువరుసలోనూ మూడో నిలువువరుసలోనూ ఉన్న అదే అంకెలన్నీ నింపేయవచ్చు. అంచును తాకిన గొలుసులను గుర్తుపట్టేందుకు వాటిలో చివరి గడి మీద చిన్న గీత పెట్టుకుంటే, గీత ఉన్న రెండు గొలుసుల మధ్య ఒక్క గడే ఖాళీ ఉన్న చోటు వెంటనే కనబడుతుంది. అంచును తాకని గొలుసుకు గీత ఉండదు, దాన్ని గీత ఉన్న ఒక గొలుసుతో ఒక చోట కలపవచ్చు. కలిసిన క్షణంలోనే దానికీ గీత పెట్టాలి. పెద్ద బోర్డుల్లో ఎక్కువగా మరిచిపోయేది ఆ గీతనే, కిందికి దిగాక గొలుసు ఎక్కడినుంచి వచ్చిందో గుర్తుండదు కాబట్టి.