ఇంటర్న్‌షిప్ పనిని పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోనీకి పర్మిషన్ తీసుకున్న నా అనుభవం

మాది నల్గొండ దగ్గర తిప్పర్తి. హైదరాబాద్‌ల ఒక సర్వీస్ కంపెనీలో డేటా అనలిస్ట్ ఇంటర్న్‌గా చేసిన, పని ఏందంటే ఒక మెడికల్ షాపుల చైన్‌కి పవర్ బీఐలో స్టాక్ డాష్‌బోర్డ్. ఏ మందు ఏ బ్రాంచిల ఎక్స్‌పైరీకి దగ్గరపడ్డదో చూపెడ్తది. చేసిన పనుల్ల చెప్పుకోదగ్గది అదొక్కటే, జాబ్‌లకు అప్లై చేసేముందు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవాలనుకున్న.

ముందుగాల ఆఫర్ లెటర్ తీసి చదివిన. జాయినింగ్ రోజు అందరం సంతకం పెట్టి పక్కన పడేస్తం గదా, దాంట్ల కాన్ఫిడెన్షియాలిటీ అని ఒక పేరా ఉంటది, నాదాంట్ల ఇంటర్న్‌షిప్ అయిపోయినంక కూడా వర్తిస్తదని రాసుంది. కింద ఇంకో పేరాల నేను చేసిన పనంతా కంపెనీదే అని. అది లేకున్నా పెద్ద ఫరక్ ఉండకపోవు, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంల గానీ అప్రెంటిస్‌షిప్‌ల గానీ భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే మొదటి ఓనర్ యజమానే. మరి స్టైపెండ్ ఇయ్యని ఇంటర్న్ సంగతేందంటే అక్కడ వాదనకు సందుంది, కానీ సంతకం పెట్టిన కాగితం ఉన్నంక ఆ వాదన పెట్టుకోవద్దు.

మా టీమ్ లీడ్‌ది మిర్యాలగూడ. "అన్నా, డాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్ పెట్టుకోవచ్చా, పేర్లు బ్లర్ చేస్త" అని అడిగిన. "తమ్మీ, నాకైతే ఓకే, కానీ నా మాట చెల్లదు, క్లయింట్‌తోని మన కంపెనీకి వేరే అగ్రిమెంట్ ఉంది, మెయిల్ పెట్టు, నేను హెచ్ఆర్‌కి పంపిస్త" అన్నడు. సర్వీస్ కంపెనీల అసలు మెలిక ఇదే, మన కంపెనీ ఒప్పుకున్నా డేటా క్లయింట్‌ది.

మెయిల్‌ల "పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా" అని ఊకె అడిగితే వద్దు అనే వస్తది. నేను పెట్టాలనుకున్న నాలుగు లైన్లు ఉన్నదున్నట్టు రాసి, ఏ బొమ్మ పెడ్తనో అటాచ్ చేసి పంపిన. కొన్ని కోతలతోని జవాబొచ్చింది. కంపెనీ పేరు, నా రోల్, నెలలు, వాడిన టూల్స్ రాసుకోవచ్చు. క్లయింట్ పేరు వద్దు. "హైదరాబాద్‌ల ఇన్ని బ్రాంచీలున్న మెడికల్ చైన్" అని రాస్తే అది కూడా కొట్టేసిన్రు, ఎందుకంటే ఆ లైన్ చదివితే ఎవరో తెలిసిపోతది. ఎక్స్‌పైరీ నష్టం ఇంత శాతం తగ్గిందన్న లైన్ కూడా పోయింది, అది క్లయింట్ లోపలి లెక్క. బాధయింది గానీ న్యాయమే. స్క్రీన్‌షాట్ బ్లర్ చేసినా ఒప్పుకోలే. బ్లర్ సరిగ్గ కుదరకపోతే అక్షరాలు మళ్ల తేల్చుకోవచ్చంట, పైగా బ్రౌజర్ ట్యాబ్‌ల, అడ్రస్ బార్‌ల సర్వర్ పేరు అట్లనే ఉంటది.

ఒక సంగతి మాత్రం గట్టిగ చెప్త. డాష్‌బోర్డ్ ఫైల్ `.pbix` అనేది ఉత్త బొమ్మ కాదు, ఇంపోర్ట్ మోడ్‌ల చేస్తే డేటా మొత్తం దాంట్లనే కూసుంటది, పేజీలు తీసేసినా టేబుల్స్ పోవు. టెంప్లేట్‌గా `.pbit` సేవ్ చేస్తే డేటా రాదు, కానీ క్వెరీల సర్వర్ పేర్లు, టేబుల్ పేర్లు వస్తయ్. `Publish to web` నొక్కితే లింక్ దొరికిన ఎవరైనా లాగిన్ లేకుండ చూడొచ్చు. ఎక్సెల్ కూడా అంతే, షీట్ డిలీట్ చేసినా పివట్ టేబుల్ తన కాపీ దాచుకునే అవకాశం ఉంటది.

అందుకని కంపెనీ ఫైల్ ముట్టకుండ కొత్తది కట్టిన, ఇంట్ల నా సొంత ల్యాప్‌టాప్‌ల. అసలు డేటానే తీసుకొని అంకెలు రెండింతలు చేసి పేర్లు మార్చుదామని ఒక దోస్త్ చెప్పిండు, అట్ల చేస్తే ఏ నెలల పెరిగిందో తగ్గిందో అదే తీరు కనబడ్తది, అది డమ్మీ డేటా ఎట్లయితది? నేను బత్తాయి తీసుకున్న. మా దిక్కు తోటలకు కొదవ లేదు గదా, ఊర్లవారీగా లోడ్లు, వచ్చిన తారీఖు, ఎన్ని రోజులల్ల అమ్ముడుపోవాలె అని అంకెలన్నీ పైథాన్‌ల ర్యాండమ్‌గా పుట్టించిన, పేజీ మీదనే "ఇవి కల్పిత అంకెలు" అని రాసిన. లేఅవుట్, ఫార్ములాలు కూడా కంపెనీదాన్ని చూసి దించలే, మళ్ల మొదటినుంచి ఆలోచించిన. మిగిలిన రోజులెన్నో లెక్క కట్టి రంగు మార్చే పద్ధతి ఎవల సొత్తూ కాదు, అది ఏ ట్యుటోరియల్‌లనైనా దొరుకుతది.

ఇంటర్వ్యూల "క్లయింట్ ఎవరు" అని అడిగిన్రు. పేరు చెప్పలేనన్న, మెడికల్ రీటైల్ అని మాత్రం చెప్పిన, వాళ్లు ఇంకేం అనకుండ బత్తాయి డాష్‌బోర్డ్ తెరిచి తారీఖు ఫిల్టర్ ఎట్ల పనిచేస్తదో అడిగిన్రు.

ఆ పర్మిషన్ మెయిల్ గురించి ఒకటి. అది కంపెనీ మెయిల్‌కి వచ్చింది, ఆఖరి రోజు అకౌంట్ బంద్ అయితది. నా జీమెయిల్‌కి నేనే ఫార్వర్డ్ చేసుకుంటే కంపెనీ మెయిల్ బయటికి పంపినట్టు అయితది, అందుకే హెచ్ఆర్ మేడమ్‌నే అడిగి, ఒప్పుకున్న లైన్లతోని నా సొంత మెయిల్‌కి పంపించుకున్న.