‘ఏరా’ అనాలా, ‘మీరు’ అనాలా

వాడి నంబరు నా ఫోన్‌లోకి వచ్చి పదకొండు రోజులైనా ఒక్క ముక్క రాయలేకపోయాను. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో వాడిని చేర్చారు. మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. 1997 మార్చిలో పదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజు సైకిళ్లెక్కి చెరో దారినా పోయాం. అంతే, 28 ఏళ్లు.

పేరు రాయడం లేదు. రాయాలంటే వాడి అనుమతి అడగాలి. వాడిని ఏదీ అడగకూడదన్నదే నా పట్టుదల.

దానికో కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం ఇంకో పాత మిత్రుడు ఉన్నట్టుండి ఫోన్ చేశాడు. అరగంట సేపు బడి కబుర్లు చెప్పి, చివర్లో పాలసీ తీసుకోమన్నాడు. పాలసీ వద్దన్నందుకు కాదు గానీ, ఆ అరగంట కూడా నాది కాకుండా పోయిందని బాధేసింది. అప్పటినుంచి ‘ఊరికే చేశాన్రా’ అని ఎవరన్నా నాకు అనుమానమే. వాడికీ ఉంటుంది కదా! పైగా మన పూర్వ విద్యార్థుల ఈ సంచికకు చందాలు వసూలు చేసేవాళ్లలో నేనూ ఉన్నాను, నా జాబితాలో వాడి పేరూ ఉంది. ముందు ఆ పేరు కొట్టేయించి, వేరేవాళ్లకు అప్పగించాను. వాడికి రాయడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

మొదట ‘హాయ్, గుర్తున్నానా?’ అని కొట్టి చెరిపేశాను. అది పలకరింపులా లేదు, వాడికి పరీక్ష పెట్టినట్టుంది. ఒకవేళ గుర్తు లేకపోతే పాపం ఏం రాస్తాడు? తర్వాత ‘ఎక్కడుంటున్నావు, ఏం చేస్తున్నావు, పిల్లలెంతమంది’ అని రాశాను. చదువుకుంటే పెళ్లి సంబంధం వాకబులా ఉంది. ఇన్నేళ్లూ పలకరించనందుకు క్షమించమంటూ పెద్ద ఉత్తరం కూడా రాశాను. అది పంపితే నన్ను ఓదార్చే పని కూడా వాడి నెత్తిన పడేది.

అసలు చిక్కు పిలుపు దగ్గర వచ్చింది. ‘ఏరా’ అంటే చనువు ఎక్కువైనట్టుంటుందేమో, ఫోన్ పిల్లల చేతిలో ఉంటే బాగుండదేమో. ‘మీరు’ అంటే వాడు నవ్వుతాడు, లేదంటే నొచ్చుకుంటాడు. చివరికి తట్టింది: ఇప్పటి మనిషిని ఎలా పిలవాలో తెలియదు గానీ, అప్పటి పిల్లాడిని ‘నువ్వు’ అనడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి అప్పటి సంగతే రాద్దామనుకున్నాను. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియనిది ఒకటి ఉంది.

1996 నవంబర్ 6 రాత్రి తుపాను మన కోనసీమలో ఎవరూ మరిచిపోలేదు. తెల్లారేసరికి కొబ్బరి తోటలు నేలమట్టం. మా ఇంటి పెంకులు లేచిపోయి నా పుస్తకాలన్నీ నానిపోయాయి. ఇంకో నాలుగు రోజుల్లో దీపావళి, ఎవరికీ పట్టలేదు. నా సైన్సు రికార్డును వాడు వాళ్లింటికి పట్టుకెళ్లి, ఇస్త్రీ పెట్టెలో కొబ్బరి చిప్పల బొగ్గు వేసి ఒక్కో పేజీ ఇస్త్రీ చేశాడు. నేను పక్కన కూర్చుని పేజీలు విడదీసి అందించాను. ఒక్కచోట పెట్టె ఆగిపోయి కాగితం మాడింది.

పంపింది ఇది:

‘నేను, మూడో బెంచీ కిటికీ పక్కవాణ్ణి. గ్రూపులో పేరు చూడగానే తుపాను తర్వాత నువ్వు నా రికార్డు ఇస్త్రీ చేసిన రోజు గుర్తొచ్చింది. మందార పువ్వు బొమ్మ మీద మచ్చ పడింది. మాస్టారు అడిగితే టీ ఒలికిందన్నాం. ఇది చెబుదామనే రాశాను. పనేమీ లేదు, తీరిక లేకపోతే జవాబు కూడా అక్కర్లేదు.’

ఆ చివరి వాక్యం రాయడం తేలికే, దానికి కట్టుబడి ఉండడమే కష్టం. మర్నాడు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ‘చూశావా?’ అని రాయబోయి రెండుసార్లు ఫోన్ పక్కన పెట్టేశాను. గ్రూపులో వాడిని ఉద్దేశించి ఏదైనా జోకు వేద్దామా అనీ అనిపించింది. వేస్తే నలభైమంది ముందు నిలదీసినట్టే అవుతుందని ఊరుకున్నాను.

ఆరో రోజు రాత్రి వచ్చింది: ‘ఏరా, మచ్చ పువ్వు మీద కాదు, ఆకు మీద. టీ అని అబద్ధం చెప్పింది కూడా నువ్వే, నన్ను కలపకు.’

పిలుపు సంగతి అలా వాడే తేల్చేశాడు. నేను కూడా ‘ఒరేయ్, పువ్వు మీదేరా’ అని రాసి ఆపేశాను. ఆ ఆదివారం వాడే ఫోన్ చేశాడు. పన్నెండు నిమిషాలు మాట్లాడుకున్నాం. తోట పోయాక నాన్న పడ్డ అవస్థ, ఊరు వదలడం, ఇప్పుడు చేస్తున్న పని, అన్నీ నేను అడక్కుండానే చెప్పాడు. జీతం ఊసు వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సంచిక మాట కూడా రాలేదు.

మచ్చ ఎక్కడ పడిందో మాత్రం ఇంకా తేలలేదు. నా రికార్డు అటకమీద ట్రంకుపెట్టెలో ఉండాలి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తీసి ఫోటో పంపుతానన్నాను. ‘మాడ్చేసి పంపకు’ అన్నాడు.