930 డాలర్ల పెనాల్టీ, న్యూయార్క్‌లో ఇరుక్కున్న పేమెంట్

దుబాయ్‌లో మార్బుల్ దిగుమతి చేసుకునే కంపెనీలో నేను సప్లయర్ల పేమెంట్లు చూస్తాను. మా సరుకు ఎక్కువగా టర్కీ నుంచి వస్తుంది. బిల్లులు డాలర్లలో ఉంటాయి, గడువు, సరుకు ఓడకెక్కినప్పుడు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ నుంచి 60 రోజులు. దుబాయ్ నుంచి టర్కీకి పంపినా డాలర్లు కాబట్టి మా డబ్బు న్యూయార్క్‌లోని మధ్యవర్తి బ్యాంకు మీదుగా పోతుంది. మా తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

తిప్పలు పెట్టిన ఆ బిల్లు 62,000 డాలర్లు. బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ మార్చి 11, అంటే మే 10 లోపు కట్టాలి. మే 7, మంగళవారం మా ఖాతాలోంచి డబ్బు వెళ్లిపోయింది. మామూలుగా రెండు రోజుల్లో అవతలి ఖాతాలో పడిపోతుంది. ఈసారి పడింది మే 21న. సప్లయర్ పేరు ఆంక్షల జాబితాలో ఉన్న ఇంకో కంపెనీ పేరుకు కొంచెం దగ్గరగా ఉండటంతో న్యూయార్క్ బ్యాంకు దాన్ని ఆపింది. ఇన్వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ కావాలని మా బ్యాంకుకు మెసేజ్ పెట్టింది. ఆ మెసేజ్ 9న వచ్చింది, మా బ్యాంకు మమ్మల్ని అడిగింది 15న. మేం అదే రోజు కాగితాలు పంపాం. వాళ్లు చూసి వదలడానికి 20 అయింది.

నెలాఖరున సప్లయర్ నుంచి 930 డాలర్లు అదనంగా కట్టాలని డెబిట్ నోట్ వచ్చింది. కాంట్రాక్టులో ఆలస్యానికి 'నెలకు లేదా నెలలో భాగానికి 1.5 శాతం' అని ఉంది. 'నెలలో భాగానికి' అన్న మాట వల్ల 11 రోజులు లేటైనా నెల మొత్తానికీ లెక్క కడతారు. రోజుల లెక్కన అయితే అది 341 డాలర్లే. పెద్ద మొత్తమేం కాదు కదా అనిపించవచ్చు. కానీ కట్టకుండా వదిలేస్తే సప్లయర్ స్టేట్‌మెంట్‌లో మన పేరు పక్కన బకాయి నిలిచిపోతుంది. వాళ్ల సిస్టమ్ బకాయి ఉన్న కస్టమర్ ఆర్డర్‌ను ఆపేస్తే పోర్టులో కంటైనర్ కదలదు.

నిజామాబాద్ నుంచి కొత్తగా వచ్చిన మా జూనియర్ కుర్రాడు, ''అన్నా, బ్యాంకు ప్రాబ్లం అయింది, మాఫ్ చేయండి అని రెండు లైన్లు రాసేస్తే అయిపోతది కదా'' అన్నాడు. ''తమ్ముడూ, వాళ్లకు రోజూ వచ్చే మెయిళ్లలో సగం అవే ఉంటాయి, ఇది వేరే అని వాళ్లకెట్లా తెలుస్తది?'' అన్నాను. నిజంగానే, డబ్బు సర్దుబాటు కాక లేటు చేసేవాళ్లందరూ బ్యాంకు మీదే తోస్తారు. అవతల క్రెడిట్ కంట్రోల్ చూసే ఆవిడకు ముందుగా రుజువు కావాల్సింది ఒక్కటే: గడువు రోజుకు మా దగ్గర డబ్బు ఉందా, దాన్ని పంపామా?

దానికి, డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ కాపీ చాలావరకు సాయపడుతుంది. అప్పట్లో MT103 అని పిలిచిన ఆ కాగితంలో 32A అనే గడిలో వాల్యూ డేటు, మొత్తం ఉండేవి. పైన UETR అనే 36 అక్షరాల నంబరు ఉంటుంది. దాన్ని పట్టుకుని అవతలి బ్యాంకు కూడా డబ్బు ఎప్పుడు ఎక్కడ ఆగిందో చూసుకోగలదు. మా మాట వాళ్లు నమ్మక్కర్లేదు, వాళ్ల బ్యాంకునే అడగొచ్చు. నా అభిప్రాయంలో ఉత్తరంలో అన్నిటికన్నా బలమైన వాక్యం ఆ నంబరు ఉన్నదే.

కానీ స్విఫ్ట్ కాపీ బయల్దేరిన రోజునే చెబుతుంది, ఎందుకు ఆగిందో చెప్పదు. దానికి మా బ్యాంకు నుంచి లెటర్ కావాలి. అసలు టెన్షన్ ఇక్కడే. ఆంక్షల తనిఖీ అన్న మాట మామూలుగా బ్యాంకులు లెటర్‌హెడ్ మీద రాయవు. పైగా ఆరు రోజులు మెసేజ్ తమ దగ్గరే ఉండిపోయిందని అసలే రాయవు. రిలేషన్‌షిప్ మేనేజర్ మొదట ఫోన్‌లో సారీ చెప్పి ఊరుకోబోయాడు. తప్పు ఎవరిదో రాయమని అడగడం మానేసి, తేదీలు మాత్రం రాసివ్వమన్నాం: ఖాతా నుంచి డెబిట్ అయిన రోజు, మధ్యవర్తి బ్యాంకు మామూలు పరిశీలనకు ఆపిన రోజు, వదిలిన రోజు. 'కస్టమర్ ఖాతాలో సరిపడా నిల్వ ఉంది' అన్న ఒక్క వాక్యం కూడా కావాలన్నాం. అలా అడిగితే ఇచ్చారు.

ఇక ఉత్తరం. కాంట్రాక్టులో 'సప్లయర్ ఖాతాలో జమ అయిన రోజే చెల్లింపు రోజు' అని స్పష్టంగా ఉంది. కాబట్టి పెనాల్టీ తప్పు అని వాదించడానికి మాకు చోటు లేదు. మా ఫైనాన్స్ మేనేజర్ మలయాళీ, కాస్త వేడి మనిషి. వచ్చే బిల్లులో 930 కోసి కడదాం అన్నారు. వద్దు సార్ అన్నాను. అలా కోస్తే ఆ బిల్లు కూడా పూర్తిగా కట్టనట్టే లెక్క, దాని మీద మళ్లీ పెనాల్టీ మొదలవుతుంది.

అందుకే హక్కులాగా కాకుండా వినతిలాగా రాశాం. మొదటి పేరాలో డెబిట్ నోట్ నంబరు, మొత్తం, దాన్ని ఈ ఒక్కసారికి రద్దు చేయమన్న కోరిక పెట్టాం. రెండో పేరాలో నాలుగు తేదీలు, UETR, జతచేసిన కాగితాలు. మూడో దాంట్లో, గత రెండేళ్ల స్టేట్‌మెంట్ చూస్తే ప్రతి బిల్లూ గడువులోపే కట్టామని మీ రికార్డులోనే కనిపిస్తుంది అన్నాం. చివర్లో, పూర్తిగా వీలు కాకపోతే అసలు ఆలస్యమైన 11 రోజులకు 341 డాలర్లుగానైనా సవరించమని కోరాం. ఈ చివరి లైను మీద మాలో మాకు వాదన జరిగింది. తక్కువకు ముందే సిద్ధపడినట్టు అవుతుందని మేనేజర్ అభ్యంతరం. కానీ మెయిల్ చదివే ఆవిడకు మాఫీ అధికారం లేదు, పైన ఫైనాన్స్ డైరెక్టర్‌కు ఫార్వర్డ్ చేయాలి. ఆయన పూర్తిగా కాదన్నా, మధ్యలో ఒప్పుకోవడానికి ఒక దారి మన ఉత్తరంలోనే ఉండాలని నా ఉద్దేశం.

మాకు కలిసొచ్చింది ఇంకోటుంది. డబ్బు పడలేదని మే 13న వాళ్లు అడగకముందే, మే 9న పేమెంట్ పంపిన సమాచారంతో స్విఫ్ట్ కాపీ మెయిల్ చేశాం. 15న బ్యాంకు మమ్మల్ని కాగితాలు అడిగిన సంగతీ అదే రోజు చెప్పాం. డెబిట్ నోట్ వచ్చాక పుట్టించిన కథ కాదని ఆ మెయిళ్ల తేదీలే చెప్పాయి.

జవాబు వారం దాటాక వచ్చింది. 930 డాలర్లూ రద్దు చేస్తూ క్రెడిట్ నోట్ ఇచ్చారు, డెబిట్ నోట్ నంబరు దాని మీద ఉండేలా చూసుకున్నాం, లేకపోతే స్టేట్‌మెంట్‌లో రెండూ విడివిడిగా వేలాడుతుంటాయి. అయితే ఊరికే వదల్లేదు. 'ఒక్కసారికి మాత్రమే' అని రాసి, ఇకమీదట గడువుకు అయిదు పనిదినాల ముందే పంపాలని షరతు పెట్టారు. డబ్బు అన్ని రోజులు ముందే చేతిలోంచి పోతుందని మేనేజర్ సణిగినా ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ సప్లయర్ ఒక్కరికే సిస్టమ్‌లో గడువు తేదీ అయిదు పనిదినాలు ముందే వచ్చేలా మార్చాం. ట్రాన్స్‌ఫర్ ఫారంతో పాటే ఇన్వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ కూడా బ్యాంకుకు పంపేస్తున్నాం, న్యూయార్క్ మళ్లీ అడిగితే మా బ్యాంకు మా కోసం ఆగకుండా అక్కడికక్కడే ఇచ్చేయడానికి.